టిఫిన్ మానేస్తే గుండెపోటు 27 శాతం ఎక్కువా?

"నమస్కారం సార్. మాది రాయగడ. నాన్నగారు మిల్లులో షిఫ్టు డ్యూటీ చేస్తారు, వయసు 54. పొద్దున ఏమీ తినరు, టీ తాగి వెళ్ళిపోతారు. టిఫిన్ మానేసేవాళ్ళకి గుండెపోటు 27 శాతం ఎక్కువ వస్తుందని అమెరికా స్టడీ ఒకటి వాట్సాప్‌లో వచ్చింది. అప్పట్నుంచీ ఇంట్లో టెన్షన్. అమ్మ బలవంతంగా ఇడ్లీలు పెడుతోంది, రోజూ గొడవే. ఇది నిజమేనా? మా నాయనమ్మేమో కొండల్లో చోడంబలి తాగేవాళ్ళకి గుండెజబ్బులే రావంటుంది. ఏది నమ్మాలి?"

స్టడీ నిజమే బాబూ, ఎవరో పుట్టించింది కాదు. హార్వర్డ్ వాళ్ళు 2013లో ‘సర్క్యులేషన్’ అనే గుండెజబ్బుల పత్రికలో వేశారు. 27 శాతం అన్న అంకె కూడా అందులోదే. అయితే వాళ్ళు లెక్కపెట్టి చూసింది ఒకటి, మీ ఇంటిదాకా వచ్చేసరికి అది అయింది ఇంకొకటి. టిఫిన్ తిననివాళ్ళలో గుండెజబ్బు కాస్త ఎక్కువ కనిపించిందన్నది లెక్క. తినకపోవడం వల్లే వచ్చిందన్నది ఆ లెక్క మీద కట్టిన కథ. ఆ కథ నిజం కావచ్చు, కాకపోవచ్చు. అది తేల్చడానికి ఆ లెక్క ఒక్కటీ చాలదు. నేను డాక్టర్ని కాదు. బరంపురంలో ఆరోగ్య సర్వేల లెక్కలు చూసే పనిలో చాలా ఏళ్ళు ఉన్నవాణ్ణి. కాబట్టి లెక్క వైపు నుంచి చెబుతాను, మందుల సంగతి మీ డాక్టరుగారికే వదిలేస్తాను.

ముందు వాళ్ళు ఏం చేశారో చూడండి. అమెరికాలో 45 నుంచి 82 ఏళ్ళ మధ్య మగవాళ్ళు 26,902 మందిని తీసుకున్నారు. అందరూ వైద్యరంగంలో పనిచేసేవాళ్ళే: పళ్ళ డాక్టర్లు, పశువైద్యులు, ఫార్మసిస్టులు, అలాంటివాళ్ళు. దాదాపు అందరూ తెల్లవాళ్ళు. 1992లో ఒక ప్రశ్నపత్రం పంపి, రోజులో ఏ ఏ వేళల్లో తింటారని అడిగారు. అప్పటికే గుండెజబ్బో క్యాన్సరో ఉన్నవాళ్ళని పక్కన పెట్టారు. తరవాత 16 ఏళ్ళు వాళ్ళని గమనిస్తూ పోయారు. ఈలోగా 1,500 మందికి పైగా గుండెపోటు వచ్చింది, లేదా గుండెజబ్బుతో పోయారు. పొద్దున తినేవాళ్ళనీ తిననివాళ్ళనీ పోల్చితే తిననివాళ్ళలో 27 శాతం ఎక్కువ కనబడింది.

ఇందులో ఎవరూ ఎవరినీ టిఫిన్ మానమనలేదు, తినమనలేదు. ఎవరి అలవాటు వాళ్ళది. పరిశోధకులు దూరంగా నిలబడి చూశారంతే. అందుకే దీన్ని పరిశీలనాత్మక అధ్యయనం అంటారు. ఇక్కడే చిక్కు మొదలవుతుంది, ఎందుకంటే పొద్దున తినకపోవడం ఎవరి జీవితంలోనూ ఒంటరిగా ఉండదు. దాని వెనకాల ఇంకా చాలా వస్తాయి. ఆ వ్యాసంలోనే ఉంది: టిఫిన్ మానేసినవాళ్ళు తినేవాళ్ళకన్నా ఎక్కువగా సిగరెట్లు తాగేవాళ్ళు, మందు ఎక్కువ పుచ్చుకునేవాళ్ళు, వ్యాయామం తక్కువ చేసేవాళ్ళు, పెళ్ళి కానివాళ్ళు, పూర్తికాలం ఉద్యోగంలో ఉన్నవాళ్ళు. ఇప్పుడు గుండెపోటు టిఫిన్ లేక వచ్చిందా, సిగరెట్ వల్ల వచ్చిందా?

ఇది మాటల్లో చెబితే అందరూ తలూపుతారు గానీ అంకెల్లో చూస్తేనే దాని బలం తెలుస్తుంది. లెక్క కోసం ఒక కాలనీ అనుకుందాం. ఈ అంకెలు నేను కల్పించినవి, ఏ సర్వేలోవీ కావు. టిఫిన్ తినేవాళ్ళు 1,000 మంది, తిననివాళ్ళు 1,000 మంది. తినేవాళ్ళలో పొగతాగేవాళ్ళు 200 మంది, తిననివాళ్ళలో 600 మంది. పదేళ్ళలో గుండెజబ్బు వచ్చే అవకాశం పొగతాగేవాళ్ళలో నూటికి 10, తాగనివాళ్ళలో నూటికి 4 అనుకోండి. టిఫిన్‌కి ఏ ప్రభావమూ లేదనుకోండి, సున్నా.

తినేవాళ్ళ గుంపులో 200 మంది పొగరాయుళ్ళలో 20 మందికి, మిగతా 800లో 32 మందికి జబ్బు వస్తుంది. మొత్తం 52. తిననివాళ్ళలో 600 మంది పొగరాయుళ్ళలో 60 మందికి, మిగతా 400లో 16 మందికి. మొత్తం 76. యాభైరెండుకి డెబ్భై ఆరు, అంటే 46 శాతం ఎక్కువ. టిఫిన్ వెంట్రుకంత ప్రభావం కూడా చూపకపోయినా, ‘టిఫిన్ మానితే గుండెజబ్బు 46 శాతం ఎక్కువ’ అని శీర్షిక పెట్టుకోవచ్చు. అందులో అబద్ధపు అంకె ఒక్కటీ ఉండదు. దొంగ ఎవరో తెలియాలంటే పొగతాగేవాళ్ళని పొగతాగేవాళ్ళతోనే, తాగనివాళ్ళని తాగనివాళ్ళతోనే పోల్చాలి. అలా పోలిస్తే అటు 10, ఇటు 10. అటు 4, ఇటు 4. తేడా మాయం.

హార్వర్డ్ వాళ్ళకి ఈ సంగతి తెలియదా అంటారేమో. బాగా తెలుసు. నేను పైన చేసిన పనే వాళ్ళు ఇంకా పకడ్బందీగా చేశారు. దాన్ని అడ్జస్ట్ చేయడం అంటారు. వయసు, పొగ, మందు, వ్యాయామం, పెళ్ళి, ఉద్యోగం, మిగతా తిండి, ఇలా చాలావాటికి సర్ది చూశాకే 27 శాతం అన్నారు. వాట్సాప్‌లో ఇలాంటి స్టడీలని తీసిపారేసేవాళ్ళు ‘సిగరెట్ సంగతి చూడలేదు’ అంటుంటారు. అది అన్యాయం, చూశారు. అసలు అడగాల్సింది, ఎంత బాగా చూడగలిగారని.

సర్దుబాటు అనేది కాగితం మీద రాసుకున్నదానికే చేయగలం. రాసుకోనిదానికి చేయలేం. తప్పుగా రాసుకున్నదానికి తప్పుగానే చేస్తాం. మన వైపు సర్వేలనే చూడండి. ఫారంలో ‘ధూమపానం చేస్తారా’ అని ఒక గడి ఉంటుంది. సర్వే కుర్రాడు ఇంటికొచ్చి ‘సిగరెట్ తాగుతారా’ అని అడుగుతాడు. రోజంతా బీడీ కాల్చే మనిషి లేదంటాడు, ఎందుకంటే అతని దృష్టిలో సిగరెట్ వేరు, బీడీ వేరు. పొద్దున్నే గుడాకుతో పళ్ళు తోముకునే ఆవిడా లేదంటుంది. అది ఆవిడకి పళ్ళపొడి, పొగాకు కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ముసలమ్మ అడ్డపొగ తాగుతూ కూడా లేదని తలూపుతుంది, సిగరెట్ మగాళ్ళది కాబట్టి. ముగ్గురూ ‘లేదు’ గడిలో పడ్డారు. ఇక ఎంత పెద్ద కంప్యూటర్ పెట్టి సర్దినా, సిగరెట్‌కే సర్దినట్టు, పొగాకుకి కాదు. మిగిలిపోయిన ఆ పొగాకు ప్రభావమంతా ఎవరి ఖాతాలో పడుతుంది? వాళ్ళలో టిఫిన్ మానేవాళ్ళు ఎక్కువుంటే టిఫిన్ ఖాతాలో పడుతుంది.

అమెరికా ఫార్మసిస్టుల విషయంలో ఇంత దారుణంగా ఉండదు, ఒప్పుకుంటాను. అయినా ఒకరి ఉద్యోగంలో ఎంత నలుగుడు ఉందో, ఇంట్లో ఏం జరుగుతోందో, మొత్తం మీద ఒంటి సంగతి పట్టించుకునే మనిషా కాదా అన్నది ఏ ప్రశ్నపత్రానికీ పూర్తిగా అందదు. పొద్దున లేచి కూర్చుని తీరిగ్గా తినే మనిషి సాధారణంగా మాత్రలు వేళకి వేసుకుంటాడు, చెకప్‌కి వెళతాడు, వేళకి పడుకుంటాడు. అతని గుండె బాగుంటే ఆ మెప్పంతా ఇడ్లీకి ఇవ్వలేం.

అలా కొలవకుండా మిగిలినది ఎంత పెద్దదై ఉంటే ఈ 27 శాతాన్ని మొత్తం తుడిచేయగలదు? దీనికి ఒక లెక్క ఉంది, ఇ-వ్యాల్యూ అంటారు. ఇద్దరు గణాంకవేత్తలు 2017లో ప్రచారంలోకి తెచ్చారు. 27 శాతం ఎక్కువంటే నిష్పత్తి 1.27. దాన్ని ఆ సూత్రంలో వేస్తే:

```
1.27 + √(1.27 × 0.27) ≈ 1.86
```

అంటే, లెక్కలోకి రాని ఒక కారణం టిఫిన్ మానేవాళ్ళలో 1.86 రెట్లు ఎక్కువగా ఉండి, అదే కారణం గుండెజబ్బుని కూడా 1.86 రెట్లు పెంచేదైతే, టిఫిన్‌కి ఏ పాపమూ లేకుండానే 27 శాతం కనిపించవచ్చు. ఇంతకన్నా చిన్న కారణమైతే ఒంటరిగా తుడిచేయలేదు. అలాంటివి రెండు మూడు కలిస్తే వేరే సంగతి. రెండు రెట్ల కన్నా తక్కువ ప్రభావం మనిషి జీవితంలో అరుదేమీ కాదు. పైగా ఆ 27 కూడా గట్టిగా 27 కాదు. వ్యాసంలో దాని పక్కనే 6 నుంచి 53 శాతం దాకా ఎక్కడైనా ఉండొచ్చని రాశారు. అసలు 6 దగ్గరే ఉందనుకుంటే తుడిచేయడానికి 1.31 చాలు. వాట్సాప్‌లో ఆ పక్క అంకెలు ఎప్పుడూ రావు.

తిండికీ గుండెకీ ముడిపెట్టే స్టడీలు చాలావరకు ఈ 10, 20, 30 శాతాల మధ్యే తిరుగుతుంటాయి. దీన్ని పొగాకుతో పోల్చండి. బ్రిటన్‌లో 1950ల నుంచి డాక్టర్లని గమనిస్తూ చేసిన లెక్కలో బాగా సిగరెట్లు కాల్చేవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ 20 రెట్లకి పైగా ఎక్కువ. అదీ పరిశీలనే, అక్కడా ఎవరికీ బలవంతంగా సిగరెట్లు ఇవ్వలేదు. కానీ 20 రెట్ల తేడాని ఇంకో దాగిన కారణం మీద నెట్టాలంటే ఆ కారణం కూడా దాదాపు అంత రాక్షసంగా ఉండాలి. అలాంటిది ఇన్నేళ్ళలో ఎవరికీ దొరకలేదు. పైగా ఎక్కువ తాగినకొద్దీ ఎక్కువ, మానేస్తే తగ్గుముఖం. అందుకే పరిశీలన మీద నిలబడి కూడా దాన్ని కారణమని ఒప్పుకున్నాం. పరిశీలన అంటేనే పనికిరాదని నేననడం లేదు.

మళ్ళీ టిఫిన్ దగ్గరికి. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఈ స్టడీలో ఇంకో మలుపు. బరువు, బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, ఈ నాలుగింటికీ కూడా సర్ది చూసేసరికి టిఫిన్‌కీ గుండెజబ్బుకీ ఉన్న సంబంధం బలహీనపడిపోయింది. రాసినవాళ్ళు దాన్ని ఇలా చదివారు: పొద్దున తినకపోతే తరవాత ఎక్కువ తింటారు, బరువు పెరుగుతుంది, బీపీ, షుగర్ వస్తాయి, వాటి ద్వారా గుండె దెబ్బతింటుంది. అంటే ఈ నాలుగూ దారిలో ఉన్న మెట్లు. మెట్లని తీసేస్తే పైకి వెళ్ళే దారి కనబడదు కదా, అందుకే సంబంధం తగ్గిందన్నారు. సబబుగానే ఉంది.

కానీ అదే అంకెలని తిరగేసి కూడా చదవచ్చు. ఒకాయనకి ముందే బరువు ఎక్కువుంది. డాక్టరు తగ్గమన్నాడు. ఆయనకి తోచిన సులువైన దారి, పొద్దున తిండి మానేయడం. బరువు ముందు, టిఫిన్ మానడం తరవాత. గుండెపోటు బరువు వల్ల వచ్చింది. ఇక్కడ బరువు దారిలో మెట్టు కాదు, రెండిటికీ మూలం. ఈ కథ నిజమైనా బరువుకి సర్దితే సంబంధం అచ్చం అలాగే తగ్గుతుంది. కంప్యూటర్‌లోంచి వచ్చే అంకె రెండు కథలకీ ఒకటే. ఏది ముందో ఏది తరవాతో అంకె చెప్పదు. అది బయటనుంచి తెలుసుకోవాలి. ఏది ఎప్పుడు జరిగిందో రాసిపెట్టుకుంటే కొంత తెలుస్తుంది, ప్రయోగం చేస్తే బాగా తెలుస్తుంది.

16 ఏళ్ళ ప్రయోగం ఎవరూ చేయలేరు. ‘నువ్వు 16 ఏళ్ళు పొద్దున తినకు’ అని వేలమందికి చీటీ వేసి చెప్పినా వింటారా? కానీ మధ్యలో ఉన్న మెట్టుని, అంటే టిఫిన్ నుంచి బరువుకి వెళ్ళే మెట్టుని, కొన్ని వారాల్లో పరీక్షించవచ్చు. అది చేశారు. చీటీలు వేసినట్టు కొందరిని తినమని, కొందరిని మానమని చెప్పిన 13 ప్రయోగాలని కలిపి చూసి 2019లో ‘బీఎంజే’ పత్రికలో వేశారు. తినమన్నవాళ్ళు రోజుకు సగటున 260 కేలరీలు ఎక్కువ తిన్నారు, బరువులో మానినవాళ్ళ కన్నా అరకిలో లోపు ఎక్కువున్నారు. అంటే టిఫిన్ మానితే తరవాత తిండి మీద పడి లావైపోతారన్న మెట్టు ఈ ప్రయోగాల్లో నిలబడలేదు, కాస్త ఎదురే తిరిగింది. ఆ ప్రయోగాలూ గొప్పవేం కావు. చాలావి చిన్నవి, కొద్దికాలానివి, వాటి నాణ్యత తక్కువని కలిపి చూసినవాళ్ళే రాశారు. కాబట్టి టిఫిన్ మానడం మంచిదని కూడా దీన్నుంచి అనలేం. కానీ గొలుసులో ఒక లంకె గట్టిగా లేదని తెలిసింది.

చీటీ వేయడంలో ఏముందని ఇంత నమ్మకం అంటారా? చీటీకి పొగరాయుడెవరో, పెళ్ళి కానివాడెవరో, ఒంటి మీద శ్రద్ధ ఉన్నవాడెవరో తెలియదు. అందరినీ రెండు వైపులకీ ఇంచుమించు సమానంగా పంచేస్తుంది, మనం కొలవనివాటిని కూడా. సర్దుబాటుకి రాని పని అది.

ఈ తేడా ఎంత దూరం తీసుకెళుతుందో చూపించడానికి ఈ రంగంలో అందరూ చెప్పుకునే కథ విటమిన్ ఇ. 1993లో అదే హార్వర్డ్ నుంచి రెండు పెద్ద స్టడీలు వచ్చాయి. ఒకటి 87,245 మంది నర్సుల మీద, ఇంకొకటి దాదాపు 40,000 మంది మగవాళ్ళ మీద. విటమిన్ ఇ ఎక్కువ తీసుకునేవాళ్ళలో గుండెజబ్బు మూడోవంతుకు పైగా తక్కువ. పొగకీ వయసుకీ మిగతావాటికీ సర్దే చెప్పారు. టిఫిన్ స్టడీ కన్నా పెద్ద తేడా అది. శరీరంలో అది ఎలా పనిచేస్తుందో చెప్పే చక్కని వివరణ కూడా ఉంది. జనం విటమిన్ ఇ మాత్రలు కొనేసుకున్నారు. తరవాత చీటీ వేసి పంచిన ప్రయోగాలు వచ్చాయి. 2000లో తొమ్మిదిన్నర వేల మందికి నాలుగున్నరేళ్ళు ఇచ్చి చూస్తే ఏ లాభమూ లేదు. 2005లో దాదాపు 40,000 మంది ఆడవాళ్ళకి పదేళ్ళు ఇచ్చి చూస్తే గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి చూసిన లెక్కలో తగ్గుదల లేదు. పరిశీలనలో ఆ మూడోవంతు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఎక్కువమంది ఒప్పుకునే జవాబు ఇది: సొంత డబ్బుతో మాత్ర కొనుక్కుని ఏళ్ళ తరబడి మానకుండా వేసుకునే మనిషి మిగతా విషయాల్లో కూడా వేరే రకం మనిషి. మాత్ర ఆ మనిషికి గుర్తు మాత్రమే.

తిండి విషయంలో పరిశీలన నిలబడ్డ కథా ఉంది. వనస్పతిలో ఉండే ట్రాన్స్‌ఫ్యాట్. దాన్ని ఎక్కువ తినేవాళ్ళలో గుండెజబ్బు ఎక్కువని 1993లో నర్సుల స్టడీయే చెప్పింది. కానీ అంతకుముందే, 1990లో, హాలెండ్‌లో 59 మందికి మూడేసి వారాలు కొలిచి భోజనం పెట్టి చూశారు. ట్రాన్స్‌ఫ్యాట్ తిన్న వారాల్లో చెడ్డ కొలెస్ట్రాల్ పెరిగింది, మంచిది తగ్గింది. అక్కడ మధ్య మెట్టుని పరీక్షిస్తే గట్టిగా నిలబడింది, టిఫిన్ విషయంలోలా కదిలిపోలేదు. అందుకే మన దేశంలో కూడా 2022 నుంచి నూనెల్లో, కొవ్వుల్లో దాన్ని 2 శాతం దాటనివ్వడం లేదు. కాబట్టి ఇలాంటి వార్త మళ్ళీ వస్తే నేనైతే రెండే చూస్తాను: ఇది పరిశీలనా, పంచి చేసిన ప్రయోగమా? పరిశీలనైతే, మధ్యలో ఉన్న మెట్టుని ఎవరైనా ప్రయోగంలో పెట్టి చూశారా?

శాతం గురించి కూడా ఒక మాట. 27 శాతం అనగానే మీ అమ్మగారికి నూటికి 27 మంది పోతారన్నట్టు వినబడి ఉంటుంది. ఆ స్టడీలో 16 ఏళ్ళలో జబ్బు వచ్చింది నూటికి ఇంచుమించు ఆరుగురికి. దాని మీద 27 శాతం అంటే నూటికి ఒకరో ఇద్దరో ఎక్కువ, అదీ 16 ఏళ్ళలో, అదీ టిఫినే కారణం అనుకుంటే. మన దగ్గర గుండెజబ్బు చిన్న వయసులోనే ఎక్కువగా వస్తుంది కాబట్టి ఆ ‘ఆరు’ని ఇక్కడికి తెచ్చి అతికించలేం. అసలు ఆ ఫార్మసిస్టుల పొద్దుటి తిండి పాలలో వేసుకునే సీరియల్, రొట్టె, గుడ్డు. మన పూరీ, ఉప్మా, చద్దన్నం అందులో లేవు.

ఇంకో సంగతి, ‘పొద్దున’ అంటే ఏది? ఆ ప్రశ్నపత్రం రాత్రి పడుకుని పొద్దున లేచే మనిషిని మనసులో పెట్టుకుని రాసింది. మీ నాన్నగారు సి షిఫ్టులో రాత్రి పదికి వెళ్ళి పొద్దున ఆరుకి వస్తారనుకుంటాను. వచ్చి టీ తాగి పడుకుని, పన్నెండింటికి లేచి అన్నం తింటే అది టిఫిన్ మానడమా, మధ్యాహ్న భోజనమా? మధ్యరాత్రి క్యాంటీన్‌లో తిన్నది ఏ లెక్కలోకి వస్తుంది? మన ఊళ్ళలో పొలానికి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే ఖాళీ కడుపుతో వెళ్ళి పదింటికి చద్దన్నం తింటారు, ఒడియావాళ్ళు పఖాల తింటారు. వాళ్ళని ఏ గడిలో వేస్తారు? గడిలో పడని మనిషికి ఆ గడి తాలూకు శాతం కూడా పట్టదు.

నాయనమ్మగారి అంబలి సంగతి. ఆవిడ అన్నదీ ఒక పరిశీలనే, ఫారం లేదంతే. అందులో రెండు చిక్కులున్నాయి. కొండల మీద చోడంబలి తాగే మనిషి రోజూ ఎక్కి దిగుతాడు, బరువు మోస్తాడు, సన్నగా ఉంటాడు. అంబలిని వీటి నుంచి విడదీయడం టిఫిన్ని సిగరెట్ నుంచి విడదీయడం కన్నా కష్టం. రెండో చిక్కు ఇంకా పెద్దది. ఈసీజీ తీసేవాళ్ళు లేనిచోట గుండెజబ్బు కాగితం మీదకి రాదు. లోపలి ఊళ్ళలో ఎవరైనా ఛాతీ పట్టుకుని రాత్రికి రాత్రి పోతే, గాలి సోకిందనో కాలం చెల్లిందనో అనుకుంటారు గానీ గుండెపోటని రాసేదెవరు? రాయగడలో కనబడే గుండెజబ్బుల్లో కొంత, ఇక్కడ చూసేవాళ్ళు ఉండబట్టి కనబడుతోంది. అంబలి మంచి తిండే, నేనూ తాగుతాను. కానీ గుండెకి అది రక్ష అని ఈ మాట మీద చెప్పలేం.

ఇక మీ నాన్నగారి విషయం. ఆయనకి పొద్దున ఆకలి లేకపోతే ఈ స్టడీని అడ్డం పెట్టుకుని ఇడ్లీలు కుక్కాల్సిన పనిలేదు. ఆ పట్టుదల వేరేచోట పెట్టమని అమ్మగారికి చెప్పండి. పొగాకు ఏ రూపంలో ఉన్నా, బీడీ, ఖైనీ, గుడాకు, దాని గురించి నిదానంగా కూర్చుని అడగండి. సిగరెట్ తాగుతారా అని మాత్రం అడగకండి. బీపీ చూపించండి. అది ప్రయోగాల్లో నిలబడ్డ విషయం, మందుతో బీపీ తగ్గిస్తే గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గుతాయని పంచి చూసి తేల్చారు. కొలెస్ట్రాల్, షుగర్ పరీక్షలు ఒకసారి చేయించండి. రాత్రి షిఫ్టులకీ గుండెజబ్బుకీ కూడా సంబంధం ఉందని చాలా స్టడీలు చెప్పాయి. అవీ పరిశీలనలే, పైన చెప్పిన ప్రశ్నలన్నీ వాటికీ వేయాలి. అందుకని ఉద్యోగం మానేయమనను.

ఒక్క సందర్భంలో మాత్రం తిండి మానడం గురించి నిజంగా జాగ్రత్తపడాలి, అది గుండెజబ్బు శాతాలతో పనిలేని విషయం. ఆయనకి షుగర్ ఉండి, దానికి మాత్రలో ఇన్సులిన్నో వాడుతుంటే, కొన్ని రకాల మందులు వేసుకుని తినకుండా డ్యూటీకి వెళితే షుగర్ పడిపోయి, చెమటలు పట్టి, కళ్ళు తిరిగి మెషీన్ దగ్గరే కూలబడవచ్చు. అది ఏళ్ళ తరవాత వచ్చే ముప్పు కాదు, ఆ పూటే రావచ్చు. ఆ మందులు వాడుతుంటే ఏ షిఫ్టులో ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, దాంతో ఏం తినాలో డాక్టరుగారిని అడిగి, మూడు షిఫ్టులకీ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి.